ఈసీజీలో 50 హెర్ట్జ్ నాయిస్: ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్, రైట్ లెగ్ డ్రైవ్, నాచ్ ఫిల్టర్‌లలో దేన్ని ఎంచుకోవాలి?

ఈసీజీ ప్రాజెక్టు మొదలుపెట్టిన బయోమెడికల్ విద్యార్థులు ముందుగా తేల్చుకోవాలనుకునేది ఏ ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్ కొనాలన్నదే. సర్క్యూట్ కట్టి స్క్రీన్ మీద చూస్తే గుండె తరంగం ఉండాల్సిన చోట 50 హెర్ట్జ్ సైన్ వేవ్ నిండుగా కనిపిస్తుంది. అప్పుడు ఇంకా మంచి ఐసీ కోసం వెతకడమో, నాచ్ ఫిల్టర్ మీద నాచ్ ఫిల్టర్ పెట్టడమో చేస్తారు. నా అభిప్రాయంలో ఈ రెండూ చివర ఆలోచించాల్సినవి. మెయిన్స్ నాయిస్ ఏ దారిలో లోపలికి వస్తోందో లెక్క వేస్తే దేనికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో దానంతట అదే తేలుతుంది. అందుకే ఎంపికల కన్నా ముందు ఆ లెక్క చూద్దాం. మీ దగ్గర మెయిన్స్ 60 హెర్ట్జ్ అయితే అంకెలు కాస్త మారతాయి, వాదన మారదు.

## ఎంచుకునే ముందు తెలియాల్సినవి

మొదటిది, మీకు ఈసీజీ దేనికి కావాలి? గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టడానికైతే, లేదా మానిటర్ మీద చూడటానికైతే 0.5 నుంచి 40 హెర్ట్జ్ చాలు. ఎస్‌టీ భాగం ఆకారాన్ని నమ్మకంగా చూడాలంటే 0.05 నుంచి 150 హెర్ట్జ్ కావాలి. ఈ రెండో పట్టీ మధ్యలోనే 50 హెర్ట్జ్ కూర్చుని ఉంటుంది. కష్టమంతా అక్కడే.

రెండోది, ఎలక్ట్రోడ్ ఆఫ్‌సెట్. మనకు కావలసిన ఆర్ శిఖరం సుమారు 1 మిల్లీవోల్ట్. చర్మానికి, ఎలక్ట్రోడ్‌కు మధ్య పుట్టే డీసీ తేడా 300 మిల్లీవోల్ట్‌ల దాకా ఉండొచ్చు. మొదటి దశలో గెయిన్ ఎంత పెట్టవచ్చో నిర్ణయించేది ఈ అంకే. ప్లస్, మైనస్ 5 వోల్ట్‌ల సరఫరా మీద గెయిన్ 100 పెడితే 300 మిల్లీవోల్ట్ 30 వోల్ట్‌లు కావాలి, అంటే అవుట్‌పుట్ రైల్‌కు అతుక్కుపోతుంది. గెయిన్ 10 దగ్గర ఉంచితే 3 వోల్ట్‌లే, సర్దుకుంటుంది. మిగతా గెయిన్ హై పాస్ తర్వాత తీసుకోవాలి.

మూడోది భద్రత. ఒంటికి తగిలే సర్క్యూట్ బ్యాటరీ మీదే నడవాలి. ల్యాప్‌టాప్‌కు కలుపుతుంటే దాని చార్జర్ తీసేయాలి, లేదా మధ్యలో ఐసొలేటర్ ఉండాలి. మెయిన్స్‌తో నడిచే ఆసిలోస్కోప్‌ను, మనిషికి తగిలించిన సర్క్యూట్‌కు నేరుగా కలపకండి. ప్రతి ఎలక్ట్రోడ్ తీగలోనూ కరెంటును అదుపు చేసే రెసిస్టర్ ఉండాలి. ఈ రెసిస్టర్ నాయిస్ లెక్కను కూడా మారుస్తుంది, కింద చూడండి.

## నాయిస్ ఎంత, ఎటు నుంచి?

గోడలోని వైర్ల నుంచి గాలిలోని కెపాసిటెన్స్ ద్వారా ఒంట్లోకి 0.2 మైక్రోఆంపియర్ కరెంటు వస్తోందనుకుందాం. ఇది పుస్తకాల్లో తరచూ వాడే అంకె. గది, తీగలు, బ్యాటరీని బట్టి ఎక్కువ తక్కువలుంటాయి. ఆ కరెంటు కాలి దగ్గరి రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ గుండా సర్క్యూట్ గ్రౌండ్‌కు పోతుంది. ఎలక్ట్రోడ్ ఇంపెడెన్స్ 50 కిలో ఓమ్ అయితే ఒళ్లంతా 10 మిల్లీవోల్ట్ పైకి లేస్తుంది. భద్రత కోసం ఆ తీగలో 330 కిలో ఓమ్ పెట్టారనుకోండి, మొత్తం 380 కిలో ఓమ్, కామన్ మోడ్ వోల్టేజ్ 76 మిల్లీవోల్ట్. మనకు కావలసిన సిగ్నల్‌కు ఇది డెబ్బై రెట్లకు పైనే.

ఇది రెండు చేతుల మీదా సమానంగానే ఉంటుంది కాబట్టి ఆంప్లిఫయర్ కొట్టేస్తుందని పాఠంలో చదువుకుంటాం. ఇలా కొట్టేసే సామర్థ్యమే సీఎంఆర్ఆర్. అది 100 డీబీ ఉన్న ఐసీ దీన్ని నిజంగానే లక్షో వంతుకు తగ్గిస్తుంది. మిగిలేది 0.76 మైక్రోవోల్ట్, ఈసీజీ పక్కన లెక్కలోకి రాదు. మరి స్క్రీన్ మీద అంత నాయిస్ ఎక్కడిది?

అది ఆంప్లిఫయర్ దాకా రాకముందే పుడుతోంది. కుడి చేతి ఎలక్ట్రోడ్ ఇంపెడెన్స్, ఎడమ చేతి ఎలక్ట్రోడ్ ఇంపెడెన్స్ ఎప్పుడూ ఒకటి కావు. తేడా 20 కిలో ఓమ్ అనుకుందాం. రేడియో తరంగాలు రాకుండా ఇన్‌పుట్ దగ్గర గ్రౌండ్‌కు 1 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టి ఉంటే, 50 హెర్ట్జ్ దగ్గర దాని ఇంపెడెన్స్ 3.2 మెగా ఓమ్ మాత్రమే. రెండు చేతుల దగ్గరా వోల్టేజ్ విభజన కాస్త వేరుగా జరుగుతుంది. తేడా దాదాపు ఇంత:

```
Vd = Vcm × ΔZ / Zin = 76 mV × 20k / 3.2M ≈ 480 µV
```

సమానంగా ఉన్న నాయిస్ ఇక్కడ డిఫరెన్షియల్ నాయిస్‌గా మారిపోయింది. ఇక దాన్ని ఎంత ఖరీదైన ఐసీ అయినా అసలు సిగ్నల్ అనుకునే పెంచుతుంది. డేటాషీట్‌లో 100 డీబీ ఉన్నా, ఎలక్ట్రోడ్‌లతో కలిపి చూస్తే మీ సర్క్యూట్ సీఎంఆర్ఆర్ 44 డీబీ మాత్రమే.

రెండో దారి ఎలక్ట్రోడ్ తీగలది. షీల్డ్ లేని పొడవాటి తీగల్లోకి కూడా కెపాసిటెన్స్ ద్వారా కొన్ని నానోఆంపియర్లు చేరతాయి. రెండు తీగలకూ మధ్య 6 నానోఆంపియర్ తేడా ఉంటే, అది 20 కిలో ఓమ్ ఎలక్ట్రోడ్ గుండా పోయేటప్పుడు 120 మైక్రోవోల్ట్ అవుతుంది. దీని మీద ఆంప్లిఫయర్‌కు గాని, కామన్ మోడ్‌ను తలకిందులు చేసి కాలి ద్వారా తిరిగి ఒంటికి పంపే రైట్ లెగ్ డ్రైవ్‌కు గాని పట్టు లేదు. మూడోది, రెండు తీగల మధ్య ఏర్పడే లూప్‌లో అయస్కాంత క్షేత్రం పుట్టించే వోల్టేజ్. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కూర్చుంటే తప్ప ఇది సాధారణంగా కొద్ది మైక్రోవోల్ట్‌లే. తీగలను మెలిపెడితే తగ్గిపోతుంది.

మొత్తం మీద 600 మైక్రోవోల్ట్ వరకు నాయిస్, అందులో ఐసీ వాటా 1 మైక్రోవోల్ట్ కూడా లేదు.

## ఫ్రంట్ ఎండ్: నాలుగు మార్గాలు

| మార్గం | సీఎంఆర్ఆర్ | సరఫరా | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|
| మూడు ఆప్ ఆంప్‌లు, 1 శాతం రెసిస్టర్లు | చెడ్డ సందర్భంలో 54 డీబీ దగ్గర | ఆప్ ఆంప్‌ను బట్టి | సూత్రం చేత్తో నేర్చుకునేవారికి |
| AD620 లేదా INA128 | గెయిన్ 10 దగ్గర సాధారణంగా 100 డీబీ పైన | ప్లస్, మైనస్ 2.3 వోల్ట్ నుంచి | ల్యాబ్ బెంచ్, ప్రాజెక్టు |
| AD8232 | 80 డీబీ దగ్గర | 2.0 నుంచి 3.5 వోల్ట్ | ఒంటి మీద ధరించే పరికరం, తక్కువ సమయం |
| ADS1292R | ఫ్రంట్ ఎండ్, ఏడీసీ ఒకే చిప్‌లో | తక్కువ వోల్టేజ్ | డేటా సేకరణ, ఫర్మ్‌వేర్ ఇష్టపడేవారికి |

మూడు ఆప్ ఆంప్‌ల సర్క్యూట్‌లో చివరి డిఫరెన్స్ దశలోని నాలుగు రెసిస్టర్ల సమతూకం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఒక్కోటి 1 శాతం తప్పితే, గెయిన్ 1 ఉన్న ఆ దశకు చెడ్డ సందర్భంలో 34 డీబీయే దక్కుతుంది. ముందు దశ గెయిన్ 10 దానికి 20 డీబీ కలుపుతుంది. 76 మిల్లీవోల్ట్ కామన్ మోడ్‌తో ఇది 150 మైక్రోవోల్ట్ నాయిస్ ఇస్తుంది, చిన్నది కాదు. కానీ కామన్ మోడ్‌ను 1 మిల్లీవోల్ట్‌కు దించగలిగితే అదే సర్క్యూట్ 2 మైక్రోవోల్ట్‌లతో సరిపెడుతుంది. నేర్చుకోవడం కోసమైతే దీన్ని చిన్నచూపు చూడకండి.

కాలేజీ ప్రాజెక్టుకు నేను ముందుగా చెప్పేది AD620 తరహా చిప్. గెయిన్ సూత్రం `G = 1 + 49.4k/RG`. ఒక్క 5.6 కిలో ఓమ్ బదులు రెండు 2.7 కిలో ఓమ్ రెసిస్టర్లను వరసగా పెట్టండి. గెయిన్ 10.1 వస్తుంది, రెండింటి మధ్య బిందువు దగ్గర కామన్ మోడ్ వోల్టేజ్ కూడా చేతికి అందుతుంది. రైట్ లెగ్ డ్రైవ్‌కు కావలసింది అదే. INA128కి సూత్రంలో 49.4 బదులు 50 వస్తుంది, అంతే తేడా. ఈ రెంటిలో ఏది దొరికితే అది తీసుకోండి. ఆ తర్వాత 1 మైక్రోఫారడ్, 330 కిలో ఓమ్‌తో హై పాస్ పెడితే 0.48 హెర్ట్జ్ వస్తుంది, ఆపైన మరో 100 గెయిన్.

AD8232లో ఆంప్లిఫయర్, రైట్ లెగ్ డ్రైవ్, ఎలక్ట్రోడ్ ఊడిందని చెప్పే సర్క్యూట్ అన్నీ లోపలే ఉంటాయి. మొదటి దశ గెయిన్ 100 అయినా డీసీ ఆఫ్‌సెట్‌ను లోపలే కొట్టేస్తుంది కాబట్టి 300 మిల్లీవోల్ట్‌ను తట్టుకుంటుంది. 80 డీబీయే కదా అని వెనకాడాల్సిన పని లేదు, పైన చూసినట్టు అసలు నాయిస్ అక్కడ పుట్టడం లేదు. ఒక్క జాగ్రత్త: ఫిల్టర్ విలువలు బయటి రెసిస్టర్లు, కెపాసిటర్ల మీద ఉంటాయి. చేతుల దగ్గర గుండె వేగం మాత్రమే చూసే అమరికలో హై పాస్ 7 హెర్ట్జ్ దగ్గర పెడతారు. అలాంటి అమరికలో టీ తరంగం ఆకారం చెడిపోతుంది. దాన్ని చూసి గుండె గురించి ఏదైనా చెప్పబోతే పొరపాటే. మాడ్యూల్ కొంటే దాని స్కీమాటిక్ చూడకుండా వాడకండి.

ADS1292Rలో ఏడీసీ 24 బిట్లది. గెయిన్ 6 పెడితే ఇన్‌పుట్ పరిధి సుమారు ప్లస్, మైనస్ 400 మిల్లీవోల్ట్. అంటే డీసీ ఆఫ్‌సెట్‌తో సహా డిజిటల్ చేసేసి, హై పాస్‌ను సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు. ఎస్‌టీ భాగం మీద పని చేసేవారికి ఇది గొప్ప వెసులుబాటు. రిజిస్టర్లు, ఎస్‌పీఐ, క్లాక్‌లతో వారాలు గడపడానికి సిద్ధంగా ఉండాలి. అనలాగ్ నేర్చుకుందామని మొదలుపెట్టినవారికి ఇది సరైన దారి కాదు.

## కాలికి గ్రౌండా, డ్రైవా?

మూడో ఎలక్ట్రోడ్‌ను సర్క్యూట్ గ్రౌండ్‌కు కలిపేయడం సులువు. కానీ భద్రతా రెసిస్టర్ పెద్దదైన కొద్దీ కామన్ మోడ్ పెరుగుతుందని చూశాం. రెసిస్టర్ తీసేస్తే నాయిస్ తగ్గుతుంది, మనిషికి రక్షణ పోతుంది. రైట్ లెగ్ డ్రైవ్ ఈ చిక్కును విప్పుతుంది. మధ్య బిందువు దగ్గరి వోల్టేజ్‌ను బఫర్ చేసి, తలకిందులు చేసి, పెంచి, అదే 330 కిలో ఓమ్ గుండా తిరిగి ఒంటికే పంపుతుంది. ఫీడ్‌బ్యాక్ వల్ల ఆ 380 కిలో ఓమ్‌లు ఒంటికి ఎన్నో రెట్లు చిన్నవిగా కనిపిస్తాయి.

10 కిలో ఓమ్ ఇన్‌పుట్ రెసిస్టర్, 4.7 నానోఫారడ్ ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్‌తో ఇంటిగ్రేటర్ కడితే 50 హెర్ట్జ్ దగ్గర గెయిన్ 68. 380ని 69తో భాగిస్తే 5.5 కిలో ఓమ్. కామన్ మోడ్ 76 నుంచి 1.1 మిల్లీవోల్ట్‌కు దిగుతుంది. పైన లెక్కేసిన 480 మైక్రోవోల్ట్ నాయిస్ 7 మైక్రోవోల్ట్ అవుతుంది. ఆప్ ఆంప్ చెడిపోయి 5 వోల్ట్ అంతా ఒంటి మీదకు వచ్చినా, 330 కిలో ఓమ్ వల్ల కరెంటు 15 మైక్రోఆంపియర్ దాటదు. ఒక క్వాడ్ ఆప్ ఆంప్‌లో మిగిలిపోయిన రెండు భాగాలతో ఇంత లాభం ఇంకెక్కడా రాదు.

గెయిన్ ఇంకా పెంచుకుంటూ పోతే? లూప్ ఆసిలేట్ అవుతుంది. 50 హెర్ట్జ్ తగ్గింది కానీ గీత మాత్రం మందంగా, మసకగా కనిపిస్తుంటే రైట్ లెగ్ డ్రైవ్ అవుట్‌పుట్ చూడండి, అక్కడ కిలోహెర్ట్జ్‌లలో ఊగుతూ ఉండొచ్చు. ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ పెంచితే ఆగుతుంది, కాకపోతే 50 హెర్ట్జ్ దగ్గర గెయిన్ కొంత పోతుంది.

ఇక మిగిలింది తీగల 120 మైక్రోవోల్ట్. జెల్ ఆరిపోని ఎలక్ట్రోడ్‌లు వాడి, చర్మాన్ని తుడిచి కొద్దిగా రుద్ది అంటిస్తే ఇంపెడెన్స్‌లూ వాటి తేడా తగ్గుతాయి. 20 కిలో ఓమ్ 5 అయితే నాయిస్ 30 మైక్రోవోల్ట్‌కు పడిపోతుంది. తీగలు కురచ చేసి, షీల్డ్ ఉన్నవి వాడితే 10 దగ్గరికి వస్తుంది. ఒక్క నాచ్ ఫిల్టర్ కూడా పెట్టకుండానే 600 నుంచి 12 మైక్రోవోల్ట్‌కు వచ్చాం.

## మిగిలిన దానికి ఏ ఫిల్టర్?

40 హెర్ట్జ్ లో పాస్ పెడితే 50 దానంతట అదే పోతుందని చాలామంది అనుకుంటారు. రెండో ఆర్డర్ బటర్‌వర్త్ 40 హెర్ట్జ్ దగ్గర పెడితే 50 హెర్ట్జ్ తగ్గేది 5.4 డీబీ మాత్రమే, అంటే సగానికి కూడా రాదు. నాలుగో ఆర్డర్‌తోనూ 8.4 డీబీయే. లో పాస్ ఉండాల్సిందే, కండరాల నాయిస్ కోసం, శాంప్లింగ్ కోసం. మెయిన్స్ కోసం దాని మీద ఆశ పెట్టుకోకండి.

అనలాగ్ ట్విన్ టీ నాచ్‌కు 100 నానోఫారడ్, 31.8 కిలో ఓమ్ వాడితే 50 హెర్ట్జ్ వస్తుంది. నాచ్ ఎంత ఇరుకో చెప్పే క్యూ ఉత్త ట్విన్ టీకి 0.25 మాత్రమే. 12 హెర్ట్జ్ నుంచి 212 దాకా అన్నిటినీ కోసుకుపోతుంది, క్యూఆర్ఎస్ మొండిబారుతుంది. ఆప్ ఆంప్ ఫీడ్‌బ్యాక్‌తో క్యూను 5కు పెంచితే పట్టీ ఇరుకవుతుంది, అప్పుడు విడిభాగాల ఖచ్చితత్వం సమస్య వస్తుంది. నాచ్ మధ్య బిందువు 1 శాతం పక్కకు జరిగితే 50 హెర్ట్జ్ తగ్గుదల 20 డీబీ, 5 శాతం జరిగితే 7 డీబీ. మామూలు కెపాసిటర్లతో 5 శాతం తప్పు పెద్ద విడ్డూరమేమీ కాదు. చేత్తో ఏరి, కొలిచి, ట్రిమ్ చేయాల్సి వస్తుంది.

డిజిటల్ నాచ్‌కు ఆ బెడద లేదు. అయితే ఏడీసీలోకి వెళ్లే ముందే సిగ్నల్ రైల్‌కు తగిలితే సాఫ్ట్‌వేర్ ఏమీ చేయలేదు. మొత్తం గెయిన్ 1000, ఏడీసీ పరిధి 3.3 వోల్ట్ అయితే ఇన్‌పుట్‌కు ప్లస్, మైనస్ 1.65 మిల్లీవోల్టే చోటు. పైన చెప్పిన పనులు చేయకుండా నేరుగా డిజిటల్ నాచ్‌కు దూకేవారు చిక్కుకునేది ఇక్కడే.

```python
from scipy.signal import iirnotch, lfilter, filtfilt
fs = 500
b, a = iirnotch(50, 10, fs)
live = lfilter(b, a, x)
saved = filtfilt(b, a, x)
```

ఇక్కడ 10 అన్నది క్యూ. దీన్ని ఎంత పెట్టాలన్నది నిజమైన రాజీ. క్యూ 30 పెడితే ఈసీజీ తక్కువగా చెడుతుంది. కానీ మెయిన్స్ 49.5కు జారితే తగ్గుదల 6 డీబీకి పడిపోతుంది, క్యూ 10తో అదే జారుడుకు 14 డీబీ ఉంటుంది. పైగా క్యూఆర్ఎస్ లాంటి వేగమైన దెబ్బ తగిలాక నాచ్ కాసేపు 50 హెర్ట్జ్‌లో మోగుతూనే ఉంటుంది. ఆ మోత తగ్గే కాలం `Q/(π·50)` సెకన్లు: క్యూ 10కి 64 మిల్లీసెకన్లు, 30కి 190. క్యూ పెరిగితే మోత చిన్నదవుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. సరిగ్గా ఎస్‌టీ భాగం మీదకే వచ్చి పడుతుంది. క్యూఆర్ఎస్ వెనకాల మాత్రమే సన్నని అలలు కనిపించి, తర్వాతి బీట్ లోపు పోతుంటే అది మెయిన్స్ కాదు, మీ ఫిల్టరే. `filtfilt` ఫేజ్‌ను కాపాడుతుంది, తగ్గుదలను రెట్టింపు చేస్తుంది, కానీ ఆ అలలను క్యూఆర్ఎస్ ముందుకు కూడా తెస్తుంది. లైవ్‌గా వాడలేం.

గుండె వేగం ఒక్కటే కావాలంటే మరీ సులువైన మార్గం ఉంది: 500 శాంపిళ్ల వేగంలో వరుస 10 శాంపిళ్ల సగటు. 20 మిల్లీసెకన్ల సగటు కాబట్టి 50, 100, 150 అన్నీ ఒకేసారి సున్నా అవుతాయి. ఇది 22 హెర్ట్జ్ దగ్గరే కోత మొదలుపెడుతుంది, ఆర్ శిఖరం పొట్టిదవుతుంది. చిన్న మైక్రోకంట్రోలర్‌కు మాత్రం హాయి.

## మీ సర్క్యూట్‌లో తప్పు ఎక్కడో తెలుసుకోవడం

ముందు రెండు ఇన్‌పుట్‌లనూ బోర్డు దగ్గరే కలిపి రిఫరెన్స్‌కు తగిలించండి. అప్పటికీ 50 హెర్ట్జ్ ఉంటే తప్పు బోర్డులోనే, తర్వాతి దశల్లోనో సరఫరాలోనో వెతకాలి. అది శుభ్రంగా ఉంటే, కాలి ఎలక్ట్రోడ్ మామూలుగానే ఉంచి రెండు చేతి తీగలనూ ఒకే ఎలక్ట్రోడ్‌కు తగిలించండి. ఇప్పుడు ఇంపెడెన్స్ తేడా దాదాపు లేదు. నాయిస్ పోయిందంటే నేరం ఎలక్ట్రోడ్‌ల అసమానతది, చర్మం, జెల్, రైట్ లెగ్ డ్రైవ్ చూసుకోండి. పోలేదంటే తీగల లూప్ లేదా ఆంప్లిఫయర్, ఇన్‌పుట్ కెపాసిటర్ల సమతూకం. తీగలను మెలిపెట్టి చూస్తే ఆ రెంటిలో ఏదో తేలుతుంది.

## ఎవరికి ఏది

అనలాగ్ అర్థం చేసుకోవాలనుకునే మూడో సంవత్సరం విద్యార్థికి AD620, రైట్ లెగ్ డ్రైవ్, రెండో ఆర్డర్ లో పాస్, డిజిటల్ నాచ్ క్యూ 10. అనలాగ్ నాచ్ వదిలేయండి. సిలబస్ అడిగితే విడిగా కట్టి కొలవండి, సిగ్నల్ దారిలో మాత్రం పెట్టకండి.

గుండె వేగంతో ఏదైనా పరికరం చేసేవారికి AD8232, 10 శాంపిళ్ల సగటు చాలు.

మెషీన్ లెర్నింగ్ కోసం డేటా సేకరించేవారు, ఎస్‌టీ చూసేవారు ADS1292R తీసుకుని, నాచ్ వేయని ముడి డేటానే దాచుకోండి. నాచ్ తర్వాత ఎప్పుడైనా వేసుకోవచ్చు, వేసి దాచాక తీయలేం. ప్రతి రికార్డింగ్‌తో పాటు ఫిల్టర్ విలువలు, శాంప్లింగ్ వేగం, ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టారో కూడా రాసి ఉంచండి. మూడు నెలల తర్వాత ఒక రికార్డింగ్‌లో ఎస్‌టీ కిందికి దిగి కనిపిస్తే, అది గుండెదా, 0.5 హెర్ట్జ్ హై పాస్‌దా అన్నది ఆ రాత చూస్తేనే తెలుస్తుంది.